మామిడి గుజ్జు బాకీలకు ఈసీఎల్ పట్టిక కట్టిన అనుభవం

చిత్తూరు దగ్గర తోతాపురి గుజ్జు తీసే ఒక కర్మాగారంలో నేను అకౌంట్స్ విభాగం చూస్తున్నాను. 2024-25లో ఒక లిస్టెడ్ కంపెనీ మా కంపెనీలో మెజారిటీ వాటా కొనడంతో మేము దాని అనుబంధ సంస్థ అయ్యాము. మా నికర విలువ 250 కోట్లకు ఎంతో తక్కువే అయినా, మాతృసంస్థ ఇండ్ ఏఎస్ అనే కొత్త అకౌంటింగ్ ప్రమాణాలను పాటిస్తున్నందువల్ల అవి మాకూ తప్పనిసరి అయ్యాయి. 2025-26 మా మొదటి ఇండ్ ఏఎస్ సంవత్సరం. పోలిక కోసం 2024-25 అంకెలనూ అదే పద్ధతిలో చూపాలి కాబట్టి, కొత్త ప్రమాణాలకు మారే తేదీ 1 ఏప్రిల్ 2024 అయింది. స్థిరాస్తులు, లీజులు, ఉద్యోగుల ప్రయోజనాలు అన్నీ మార్చవలసినవే గానీ, మా చేత ఎక్కువ ఆలోచన చేయించినది రావలసిన బాకీల మీద ఏర్పాటు, అంటే రాకపోవచ్చనుకున్నదాన్ని ముందుగానే నష్టంగా రాసి పెట్టే మొత్తం. ఆ పని ఎలా జరిగిందో ఇక్కడ రాస్తున్నాను.

అంతకు ముందు మా పద్ధతి ఇలా ఉండేది. పార్టీ ఫ్యాక్టరీ మూసేసినా, చెక్కు తిరిగొచ్చినా, మేము లాయరు నోటీసు పంపినా, ఆ బాకీ మొత్తానికి సంశయాత్మక బాకీల ఏర్పాటు చేసేవాళ్ళం. అలాంటి ఆధారం కనిపించేదాకా బిల్లు ఎంత పాతదైనా పుస్తకాల్లో నిండు విలువతోనే ఉండేది. పాత అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 4 కింద అది అంగీకారమైన ఆచరణే. అంతర్జాతీయ ప్రమాణమైన ఐఏఎస్ 39 కూడా ఇదే తర్కం మీద నడిచింది: నష్టం కలిగించే సంఘటన జరిగి ఉండాలి, దానికి ఆధారం ఉండాలి, అప్పుడే నష్టం గుర్తించాలి. 2008 ఆర్థిక సంక్షోభంలో బ్యాంకులు నష్టాలను బాగా ఆలస్యంగా, తక్కువగా చూపాయన్న విమర్శ ఈ తర్కం మీదే వచ్చింది. దాని ఫలితంగా 2014లో పూర్తి రూపంలో వచ్చిన ఐఎఫ్ఆర్ఎస్ 9, మన దేశంలో దానికి సమానమైన ఇండ్ ఏఎస్ 109, సంఘటన కోసం ఆగవద్దని చెప్పాయి. అప్పు పుట్టిన రోజునే, అందులో ఎంత రాకపోవచ్చో అంచనా కట్టి ఏర్పాటు చేయాలి. ఆ అంచనా నష్టాన్నే ఈసీఎల్ అంటారు.

బ్యాంకు రుణాల విషయంలో ఈ ప్రమాణం మూడు దశలు పెట్టింది. రుణగ్రస్తుడి పరిస్థితి ఎంత దిగజారిందో చూసి, పన్నెండు నెలల నష్టమా, పూర్తికాలపు నష్టమా అన్నది తేల్చాలి. వడ్డీ భాగం చెప్పుకోదగినంత లేని వ్యాపార బాకీలకు ఆ తతంగం లేదు. మొదటి రోజు నుంచే పూర్తికాలపు నష్టం లెక్కించాలి. అందుకు ఏర్పాటు పట్టిక వాడుకోవచ్చని ప్రమాణమే అనుమతించింది. గడువు దాటిన రోజులను బట్టి బాకీలను వరుసలుగా విడదీసి, ఒక్కో వరుసకు ఒక నష్టశాతం పెట్టడమే ఆ పట్టిక.

శాతాలు ఎక్కడి నుంచి తేవాలన్నది మొదటి ప్రశ్న. వేరే కంపెనీల వార్షిక నివేదికలు చూసి 1, 5, 10 అని గుండ్రటి అంకెలు వేసుకోవచ్చునని కొందరు సలహా ఇచ్చారు. అది సరికాదని నా అభిప్రాయం. మన కొనుగోలుదారులు ఎలా చెల్లిస్తారో మన పుస్తకాలే చెప్పాలి. ముందుగా బాకీలను మూడు గుంపులు చేశాము. లెటర్ ఆఫ్ క్రెడిట్ మీదనో, అడ్వాన్సు మీదనో జరిగే ఎగుమతులు ఒక గుంపు. దేశంలోని పెద్ద పానీయాల కంపెనీలు రెండవ గుంపు. చిన్న జ్యూస్ తయారీదారులు, ఐస్‌క్రీమ్ యూనిట్లు, గుజ్జు వ్యాపారులు మూడవది. మొదటి గుంపులో చెల్లింపు భారం బ్యాంకుదే, లేదా డబ్బు ముందే వచ్చేసి ఉంటుంది. రెండవ గుంపుకు రేటింగ్ సంస్థలు ప్రచురించే ఎగవేత గణాంకాలు సరిపోయాయి. ఆ రెండింటిలో వచ్చిన ఏర్పాటు చాలా స్వల్పం. మిగిలినదంతా మూడవ గుంపు కథే.

2019-20, 2020-21, 2021-22 సంవత్సరాల్లో ఈ గుంపుకు ఇచ్చిన బిల్లులన్నీ తీసుకున్నాము. 1 ఏప్రిల్ 2024 నాటికి ఆ బిల్లులన్నిటి గతీ తేలిపోయింది: వసూలైనవి అయ్యాయి, రానివి కొట్టివేశాము. ఇంకా గతి తేలని బిల్లులు కలిపితే నష్టం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది కాబట్టి, ఆ తర్వాతి సంవత్సరాలను వదిలేశాము. కోవిడ్ ఏడాదిని కూడా తీసివేయాలని ఒక వాదన వచ్చింది. ఆ ఏడాది వసూళ్ళు ఆలస్యమయ్యాయి గానీ, చివరికి రాకుండా పోయిన మొత్తం మిగతా రెండేళ్ళ కంటే పెద్దగా తేడాగా లేదని తేలాక దాన్ని ఉంచాము.

లెక్క తీరు ఇది. మూడేళ్ళ బిల్లులు జీఎస్టీతో కలిపి 24 కోట్లు. పార్టీ డబ్బు ఇవ్వకపోయినంత మాత్రాన మనం కట్టిన జీఎస్టీ తిరిగి రాదు కాబట్టి, పన్ను కలిపిన మొత్తమే తీసుకోవాలి. అందులో గడువు తేదీ దాటినవి 9.6 కోట్లు. గడువు మీద 30 రోజులు కూడా దాటినవి 4.8 కోట్లు, 60 రోజులు దాటినవి 3 కోట్లు, 90 దాటినవి 1.92 కోట్లు, 180 దాటినవి 96 లక్షలు. చివరికి రాకుండా పోయినది 24 లక్షలు. రాకుండా పోయిన ప్రతి రూపాయీ ఈ మెట్లన్నీ ఎక్కే వెళ్ళింది. కాబట్టి లవం అన్ని వరుసల్లోనూ 24 లక్షలే, మారేది హారం మాత్రమే. గడువు దాటని బిల్లుకు 24 లక్షలను 24 కోట్లతో భాగిస్తే 1 శాతం. 1 నుంచి 30 రోజులు దాటినదానికి 2.5, 31 నుంచి 60కి 5, 61 నుంచి 90కి 8, 91 నుంచి 180కి 12.5, ఆ పైన 25 శాతం.

ఈ అంకెలు చూడటానికి సులువుగా ఉన్నాయి గానీ, వాటి కింద ఉన్న వయస్సుల జాబితా సరిగా రావడానికే ఎక్కువ కాలం పట్టింది. మా ట్యాలీలో రసీదులు నమోదు చేసేటప్పుడు, ఏ బిల్లుకు వచ్చిన డబ్బో దానికి ఎదురుగా `Agst Ref` అని పెట్టాలి. హడావుడిలో చాలావాటిని `On Account` అని వేసి వదిలేశారు. దాంతో డబ్బు వచ్చేసిన పాత బిల్లులు ఇంకా రానట్టుగా కనిపించేవి, అదే పార్టీ ఖాతాలో మరోచోట జమ నిల్వ ఉండేది. మూడేళ్ళ రసీదులను పార్టీలు పంపిన చెల్లింపు వివరాలతో పోల్చి బిల్లులవారీగా జతచేశాము. ముందు వచ్చిన బిల్లుకు ముందు జమ అని యంత్రంలా సర్దేస్తే పని తొందరగా అయ్యేది. కానీ పార్టీలు అలా చెల్లించరు. తగాదాలో ఉన్న బిల్లును పక్కన పెట్టి, దాని తర్వాతి బిల్లులకు డబ్బు పంపుతారు. అక్కడ వరుసక్రమంలో సర్దితే, తగాదాలో ఉన్న పాత బిల్లు మాయమై దాని స్థానంలో కొత్త బిల్లు బాకీగా మిగులుతుంది, వయస్సుల జాబితా అబద్ధం చెబుతుంది. పార్టీ ఖాతాలో మొత్తం నిల్వ సరిపోతుంది కాబట్టి ఈ లోపం మామూలు సరిచూపులో బయటపడదు. ఒకే పార్టీ కింద చాలా పాత బిల్లులు, వాటికి దాదాపు సమానమైన జమ కలిసి కనిపిస్తే అదే గుర్తు.

రెండవ చిక్కు, రాకుండా పోయినదంతా ఎగవేత కాకపోవడం. మేము మొదట తీసిన కొట్టివేతల మొత్తం 38 లక్షలు. ఒక్కో పద్దును విప్పి చూస్తే అందులో 14 లక్షలు నాణ్యత తగాదాలవి. ఉదాహరణకు, ఒక ఐస్‌క్రీమ్ యూనిట్‌కు 215 కిలోల డ్రమ్ములు 80 పంపాము. ఒప్పందం ప్రకారం, గుజ్జులోని తీపిని కొలిచే బ్రిక్స్ 14 ఉండాలి. వాళ్ళ ల్యాబులో 13.4 వచ్చిందని కిలోకు 5 రూపాయలు తగ్గించి డబ్బు పంపారు. 17,200 కిలోల మీద 86,000 రూపాయలు మిగిలిపోయి, రెండేళ్ళ తర్వాత మా పుస్తకాల్లో రానిబాకీగా కొట్టివేయబడింది. ఆ పార్టీకి డబ్బు లేక కాదు, సరుకు ధర తగ్గించుకున్నారు. ఇండ్ ఏఎస్ 115 ప్రకారం అది అమ్మకపు ఆదాయంలోనే తగ్గించవలసిన మొత్తం. దానికి ఈసీఎల్‌లో చోటు లేదు. ఆ 14 లక్షలను లవంలో ఉంచి ఉంటే ప్రతి వరుసలోని శాతమూ సగానికి పైగా పెరిగి ఉండేది. సీజన్ చివర కోత పండులో బ్రిక్స్ తేడాలు మామూలే కాబట్టి, ఆ తగ్గింపులకు అమ్మకాల వైపు విడిగా ఒక అంచనా పెట్టాము.

ఇక 1 ఏప్రిల్ 2024 నాటి నిల్వలకు వద్దాము. ఫ్యాక్టరీ మూసేసిన ఒక పార్టీ బాకీ 6 లక్షలకు పాత పద్ధతిలోనే పూర్తి ఏర్పాటు ఉంది. దాన్ని పట్టికలోంచి తీసి విడిగా ఉంచాము, లేకపోతే అదే నష్టం రెండుసార్లు లెక్కకు వస్తుంది. మిగిలిన నిల్వ 260 లక్షలు. గడువు దాటని 120 లక్షల మీద 1.20 లక్షలు, తర్వాతి 60 మీద 1.50, ఆ తర్వాతి 30 మీద 1.50, 20 మీద 1.60, 16 మీద 2.00, 180 రోజులు దాటిన 14 లక్షల మీద 3.50. మొత్తం 11.30 లక్షలు. పాత పద్ధతిలో ఇదే 260 లక్షల మీద ఏర్పాటు సున్నా.

ఈ సున్నా, 11.30 లక్షల మధ్య తేడా మీదనే మా అమ్మకాల మేనేజరు గట్టిగా అభ్యంతరం చెప్పారు. "ఆ పార్టీ ఇరవై ఏండ్లుగా మన దగ్గర కొంటా ఉండాడు. ఒక్క రూపాయి ఎగ్గొట్టింది లేదు. అట్లాంటి మనిషి మీద నష్టం రాస్తారా అమ్మా?" అన్నారు. ఆయన ఆవేదన న్యాయమైనదే. పాత పద్ధతిలో ఏర్పాటు చేయడమంటే ఆ పార్టీని వేలెత్తి చూపడమే. కొత్త పద్ధతిలో అలా కాదు. 4 లక్షల బిల్లు ఇచ్చిన రోజున 4,000 రూపాయల ఏర్పాటు చేస్తున్నామంటే, ఆ పార్టీ ఎగ్గొడతాడని అర్థం కాదు. అలాంటి వంద బిల్లుల్లో ఒకదానంత విలువ రాదని మా మూడేళ్ళ పుస్తకాలు చెబుతున్నాయి, ఆ ఒకటి ఏదో ఇవాళ తెలియదు. గడువు మీద 40 రోజులు దాటితే అదే బిల్లు మీద 20,000 అవుతుంది. పార్టీ డబ్బు పంపగానే ఆ మొత్తం లాభనష్టాల ఖాతాకు తిరిగి వస్తుంది. ఆయనకు ఇది చెప్పాక కూడా పూర్తి తృప్తి కలగలేదు గానీ, పార్టీలకు ఈ లెక్కతో సంబంధం లేదనీ, వసూలు ప్రయత్నం మారదనీ తెలిశాక వివరాలు ఇవ్వడానికి ముందుకొచ్చారు. ఆయన ఇచ్చిన వివరాలే నాణ్యత తగాదాలను విడదీయడానికి మాకు ఆధారం.

పట్టిక సిద్ధమయ్యేసరికి 2025 వేసవి వచ్చింది. అప్పటికి 31 మార్చి 2025 వరకు జరిగిన వసూళ్ళు మా చేతిలో ఉన్నాయి. ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఇండ్ ఏఎస్ 101 ప్రకారం మారే తేదీ నాటి అంచనా ఆ తేదీకి ఉన్న పరిస్థితులతోనే చేయాలి, తర్వాత తెలిసిన సంగతులతో దాన్ని సర్దకూడదు. వచ్చేసిన బిల్లుకు ఏర్పాటు తీసేయడం, రానిదానికి పెంచడం మొదలుపెడితే అది అంచనా అనిపించుకోదు. అయితే పట్టికను పరీక్షించడానికి ఆ వసూళ్ళు చూడవచ్చు. చూశాము. గడువు దాటనిది మొదలు 180 రోజుల దాకా ఉన్న ఐదు వరుసల్లో 246 లక్షలు ఉంటే, 240 లక్షలు వచ్చేశాయి. మిగిలిన 6 లక్షలూ పోయినా, ఆ వరుసలకు పెట్టిన 7.80 లక్షల్లోనే సరిపోతుంది. చివరి వరుసలో మాత్రం అలా లేదు. 14 లక్షల్లో 5 వచ్చాయి, 2 కొట్టివేశాము, 7 ఇంకా ఉన్నాయి. ఆ ఏడులో సగం పోయినా నష్టం 5.50 లక్షలు అవుతుంది. మేము పెట్టినది 3.50.

కారణం వెతికితే, 181 రోజులు దాటిన బిల్లూ, ఏడాది దాటిన బిల్లూ ఒకే వరుసలో కూర్చున్నాయి. మళ్ళీ ఆ మూడేళ్ళ బిల్లులకే వెళ్ళి, 180 దాటిన 96 లక్షల్లో ఏడాది కూడా దాటినవి ఎంత అని చూస్తే 40 లక్షలు. మేము ఏడాది లోపు ఏ బిల్లునూ కొట్టివేయము కాబట్టి ఆ 24 లక్షలూ అందులోనివే. అంటే ఏడాది దాటిన బిల్లుకు నష్టశాతం 60. నిల్వలోని 14 లక్షల్లో ఏడాది దాటినవి 6 లక్షలు. వాటి మీద 3.60, మిగతా 8 మీద 25 శాతం చొప్పున 2.00, మొత్తం 5.60 లక్షలు. అలా మొత్తం ఏర్పాటు 13.40 లక్షలకు చేరింది. ఇది తర్వాత తెలిసినదానితో సర్దడం కాదా అని ఆడిటర్ అడిగారు. వరుసను విడదీయాలన్న ఆలోచన తర్వాత వచ్చింది గానీ, విడదీయడానికి వాడిన అంకెలన్నీ 1 ఏప్రిల్ 2024కు ముందే మా పుస్తకాల్లో ఉన్నవని చూపించాక ఆయన ఒప్పుకున్నారు. 2024-25 వసూళ్ళలో ఒక్క అంకె కూడా శాతాల్లోకి రాలేదన్నది ఆ ఫైల్‌లో స్పష్టంగా రాసి ఉంచాము.

ఈ 13.40 లక్షలు ఏ ఏడాది ఖర్చులోకీ పోదు, మారే తేదీన నేరుగా నిల్వ లాభాల్లోంచి తగ్గుతుంది. ఆదాయపు పన్నుకు ఏర్పాటు చెల్లదు, బాకీ కొట్టివేసినప్పుడే మినహాయింపు వస్తుంది. కాబట్టి 25.168 శాతం చొప్పున సుమారు 3.37 లక్షలు ముందు ముందు తగ్గబోయే పన్నుగా, అంటే వాయిదా పన్ను ఆస్తిగా నమోదై, నిల్వ లాభాల్లో నికర తగ్గుదల 10.03 లక్షలు అయింది. ఆ తర్వాత నుంచి ప్రతి త్రైమాసికంలో ఏర్పాటులో వచ్చే మార్పు మాత్రమే లాభనష్టాలకు పోతుంది. దీని పర్యవసానం ఒకటి మా డైరెక్టర్లకు ముందే చెప్పి ఉంచాను: అమ్మకాలు బాగా జరిగిన త్రైమాసికంలో బాకీలు పెరుగుతాయి, దాంతో పాటు ఏర్పాటూ పెరుగుతుంది. మంచి త్రైమాసికంలో ఈ ఖర్చు కనిపిస్తే కంగారు పడనవసరం లేదు.

గతం నుంచి తెచ్చిన శాతాలతో పని ముగియదు. రాబోయే పరిస్థితులను కూడా కలపాలని ప్రమాణం అంటుంది. జీడీపీ, ద్రవ్యోల్బణం లాంటి అంకెలతో మా ఎగవేతలను పోల్చి చూశాము గానీ, మూడేళ్ళ అంకెల మీద అలాంటి సంబంధం ఏదీ నిలబడలేదు. లేని సంబంధాన్ని సూత్రంలో పెట్టి పట్టికను గంభీరంగా కనిపించేలా చేయడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంతలో మా వ్యాపారంలోనే అసలు సంగతి ఎదురైంది. 2025 సీజన్‌లో ముందటి ఏడాది గుజ్జు నిల్వలు అమ్ముడుపోకుండా ఉండటంతో తోతాపురి ధర కుప్పకూలింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం మరో 4 రూపాయలు రైతుకు ఇవ్వవలసి వచ్చింది. 30 జూన్ 2025 నాటి లెక్కలు మాతృసంస్థకు పంపేటప్పుడు దీన్ని పట్టించుకోకుండా ఉండలేము.

అయితే ఈ వార్త మా మూడవ గుంపులో అందరికీ ఒకేలా తగలదు. జ్యూస్, ఐస్‌క్రీమ్ తయారుచేసేవాళ్ళకు గుజ్జు చవకవడం లాభం, వాళ్ళ చెల్లింపు శక్తి పెరుగుతుందే గానీ తగ్గదు. ఎక్కువ ధరకు గుజ్జు కొని గోదాములో పెట్టుకున్న వ్యాపారికి మాత్రం సరుకు విలువ పడిపోయింది, మా బాకీ అలాగే ఉంది. మూడేళ్ళ చరిత్రలో వ్యాపారుల నష్టం 1.2 శాతం, తయారీదారులది 0.9 శాతం; తేడా చిన్నది కాబట్టి అంతవరకు ఇద్దరినీ ఒకే పట్టికలో ఉంచాము. ఇప్పుడు విడదీశాము. ఆ మూడేళ్ళలో మా సొంత అమ్మకపు ధర ఎక్కువగా తగ్గిన ఏడాదిలో వ్యాపారుల నష్టం 1.8 శాతం, అంటే సగటుకు ఒకటిన్నర రెట్లు. ఆ ఒకటిన్నరనే వాడాము. వ్యాపారుల నిల్వల మీద పట్టిక ప్రకారం 6 లక్షలు వస్తే 9 లక్షలు పెట్టాము. తయారీదారుల శాతాలను తగ్గించలేదు, ఎందుకంటే చవక గుజ్జు వాళ్ళ వసూళ్ళను మెరుగుపరిచినట్టు చూపే అంకె మా దగ్గర లేదు.

ఒకే ఏడాది మీద ఆధారపడిన ఈ ఒకటిన్నర రెట్ల పెంపు ఎంత నమ్మదగినదని ఆడిటర్ అడిగారు. దానికి మేము ఇచ్చినది సమాధానం కంటే ఒక షరతు: ప్రతి త్రైమాసికం చివర వ్యాపారుల నుంచి గోదాము నిల్వల లెక్క తీసుకోవాలి, నిల్వ సీజన్‌కు ముందటి స్థాయికి దిగినప్పుడు ఆ ఒకటిన్నరను తీసివేయాలి, దిగకపోతే పెద్ద నిల్వ ఉన్న పార్టీలను పట్టికలోంచి తీసి ఒక్కొక్కరినీ విడిగా చూడాలి. ఆ నిల్వల లెక్కలు తెచ్చే బాధ్యతను, మొదట అభ్యంతరం చెప్పిన అమ్మకాల మేనేజరే తీసుకున్నారు.